సీత తాగింది, మరి 'పియా' ఎందుకు?

పోయిన నెల మా చెల్లెలి కూతురు యూనిట్ టెస్ట్ పేపరు పట్టుకుని మా ఇంటికొచ్చింది. ఎనిమిదో తరగతి. హిందీలో ఇరవైకి పదకొండు వచ్చాయి. ఏడుపు లేదు కానీ, మొహంలో కోపం ఉంది. పేపరు నా ముందు పెట్టి ఒక వాక్యం మీద వేలు పెట్టింది.

"సీతా నే దూధ్ పీ" అని రాసింది. టీచర్ ఎర్ర పెన్నుతో 'పీ' కొట్టేసి పైన 'పియా' అని దిద్దారు.

"పెద్దమ్మా, తాగింది సీత. సీత ఆడపిల్ల. పియా ఎలా అవుతుంది?"

నేను నోరు తెరిచేలోపే వేలు కిందికి జరిపింది. అక్కడ "రాజూ నే సీతా కో బులాయీ" అని ఉంది. దాన్నీ కొట్టేసి 'బులాయా' అని దిద్దారు.

"ఇదేమో టీచర్ చెప్పినట్టే రాశాను. 'నే' వస్తే క్రియ కర్మను బట్టి మారుతుందన్నారు. ఇక్కడ కర్మ సీత. సీత ఆడపిల్ల. మరి ఇదెందుకు తప్పు?"

హైదరాబాద్ నల్లకుంటలో మా ఇంటి వరండాలో చాలా ఏళ్ళుగా సాయంత్రాలు హిందీ ట్యూషన్ చెప్తున్నాను. ఈ రెండు తప్పులూ వందల సార్లు దిద్దాను. కానీ రెండూ ఒకే పేపర్లో, ఒకదాని కింద ఒకటి ఇలా కనపడేసరికి ఒక సంగతి తట్టింది. ఈ పిల్ల ఊరికే గుడ్డిగా రాయలేదు. మొదటి వాక్యంలో తెలుగు నేర్పిన పద్ధతిని పాటించింది. రెండో వాక్యంలో మేం నేర్పిన సూత్రాన్ని అక్షరాలా పాటించింది. మొదటి తప్పుకు కారణం తెలుగు. రెండో తప్పుకు కారణం మేము.

ఆ రోజు నుంచి ఈ 'నే' పాఠాన్ని మనం తలకిందులుగా చెప్తున్నామేమో అన్న అనుమానం పట్టుకుంది. ఇప్పుడది అనుమానం కాదు, నమ్మకం. ఎందుకో వివరంగా రాస్తాను.

క్రియ ఎవరి మాట వింటుంది?

మన క్లాసుల్లో పాఠం ఎప్పుడూ 'నే' తోనే మొదలవుతుంది. భూతకాలం, సకర్మక క్రియ, కర్త పక్కన 'నే', క్రియ కర్మను బట్టి. నాలుగు ముక్కలు బోర్డు మీద రాసి, కింద లానా, భూల్నా, బోల్నా మినహాయింపులని రాసి, "బట్టీ పట్టండి" అంటాం. పిల్లలు పడతారు. పరీక్షలో మాత్రం తప్పులు రాస్తారు.

నేనిప్పుడు 'నే' ఊసే ఎత్తకుండా మొదలుపెడుతున్నాను. ముందు తెలుగు వాక్యాలు. సీత పాలు తాగింది. రాజు పాలు తాగాడు. నేను పాలు తాగాను. క్రియ చివర చూస్తే ఎవరు తాగారో తెలిసిపోతుంది. తాగింది పాలా, టీనా, నీళ్ళా అన్నది క్రియకు పట్టదు. తెలుగు క్రియ తాగినవాళ్ళ మాటే వింటుంది. ఇంతవరకు పిల్లలకు ఏ ఇబ్బందీ లేదు.

తర్వాత ఈ వాక్యం రాస్తాను: "నాకు నువ్వు నచ్చావు."

నచ్చడం ఎవరి మనసులో జరిగింది? నా మనసులో. మరి క్రియ చివర 'ఆవు' ఎందుకుంది? 'నచ్చాను' అని ఎందుకు అనం? పిల్లలు ఒక్క క్షణం ఆగిపోతారు. పుట్టినప్పటి నుంచి అంటున్న మాటే, ఎప్పుడూ ఇలా చూడలేదు. "నాకు వాళ్ళు నచ్చారు", "అమ్మకు నేను కనిపించాను", ఇలా ఇంకో రెండు రాస్తే ఎవరో ఒకరు పట్టుకుంటారు: 'కు' తగిలించుకున్నవాళ్ళ మాట క్రియ వినడం లేదు, ఏమీ తగిలించుకోని మాట కోసం వెతుక్కుంటోంది. నాకు, అమ్మకు అన్నవాటికి తోక ఉంది. నువ్వు, వాళ్ళు, నేను అన్నవాటికి లేదు. క్రియ తోక లేనివాళ్ళ వెంట వెళ్ళింది.

హిందీ క్రియ చేసే పని కూడా ఇదే. నే, కో, సే లాంటి తోక ఏదైనా తగిలిన నామవాచకం దానికి కనపడదు. ముందు కర్త వైపు చూస్తుంది. తోక లేకపోతే కర్త మాట వింటుంది. ఉంటే కర్మ వైపు తిరుగుతుంది. కర్మకు తోక లేకపోతే దాని మాట వింటుంది. రెండింటికీ తోకలుంటే వినడానికి ఎవరూ లేరు కాబట్టి పుంలింగ ఏకవచనంలో, పియా, బులాయా, దేఖా అనే రూపంలో ఉండిపోతుంది.

ఇక మా అమ్మాయి పేపరుకు వద్దాం. 'సీతా నే' అనగానే సీత క్రియకు కనపడకుండా పోయింది. 'దూధ్' ఒంటరిగా ఉంది. దూధ్ హిందీలో పుంలింగం. అందుకే పియా. సీత పాలకు బదులు టీ తాగి ఉంటే, చాయ్ స్త్రీలింగం కాబట్టి "సీతా నే చాయ్ పీ" సరిపోయేది. అదే టీ రాజు తాగినా "రాజూ నే చాయ్ పీ" అనే అనాలి. ఇది చెప్పినప్పుడు ట్యూషన్లో ఒక అబ్బాయి గట్టిగా నవ్వాడు, "నేను తాగినా పీ యేనా మేడం?" అని. అవును నాయనా, నువ్వు తాగినా పీ యే.

రెండో వాక్యంలో రాజుకు 'నే' ఉంది, సీతకు 'కో' ఉంది. క్రియకు ఇద్దరూ కనపడరు. అందుకే బులాయా. ఇది పిల్లలకు గట్టిగా నాటాలంటే ఇద్దరు ఆడపిల్లలున్న వాక్యం ఇవ్వాలి: "సీతా నే గీతా కో బులాయా." పిలిచింది ఆడపిల్ల, వచ్చింది ఆడపిల్ల, క్రియ మాత్రం పుంలింగం. 'కర్మను బట్టి' అన్న సూత్రం ఈ ఒక్క వాక్యం దగ్గర కూలిపోతుంది. మన గైడ్లలో 'కర్మకు కో ఉంటే క్రియ మారదు' అన్న ముక్క ఉంటుంది, లేదనను. కానీ అది వేరే సూత్రంలా ఎక్కడో కింద ఉంటుంది. పిల్లలు పైదాన్ని గుర్తుపెట్టుకుని కిందిదాన్ని మరిచిపోతారు.

కర్మకు 'కో' ఎప్పుడు వస్తుందో కొత్తగా నేర్పక్కర్లేదు, అది మన భాషలోనే ఉంది. "సీత పాలు తాగింది" అంటాం, 'పాలను తాగింది' అని మామూలుగా అనం. కానీ "సీత రాజు పిలిచింది" అంటే కుదరదు, 'రాజును' అనాల్సిందే. మనుషులకు 'ను' కావాలి, వస్తువులకు చాలాసార్లు అక్కర్లేదు. హిందీ 'కో' కూడా దాదాపు అలాగే నడుస్తుంది. తెలుగులో 'ను' పెట్టక తప్పని చోట హిందీలో 'కో' ఉంటుందని ఊహిస్తే బడి స్థాయిలో చాలావరకు సరిపోతుంది.

కర్మణి అన్న మాటతో వచ్చిన తంటా

ఈ పాఠం చెప్పేటప్పుడు చాలామంది తెలుగువాళ్ళు, ఒకప్పుడు నేనూ, "రామ్ నే రోటీ ఖాయీ" అన్నదాన్ని "రాముని చేత రొట్టె తినబడింది" అని అనువదించి చూపిస్తాం. పిల్లలకు క్రియ రొట్టెను బట్టి ఎందుకు మారిందో వెంటనే తెలుస్తుంది. పని జరిగినట్టే ఉంటుంది.

కానీ ఇది తర్వాత దెబ్బ కొడుతుంది. హిందీలో 'తినబడింది'కి వేరే వాక్యమే ఉంది: "రామ్ సే రోటీ ఖాయీ గయీ." మామూలు మాటల్లో ఇది ఎక్కువగా 'నహీ'తో కలిసి వస్తుంది. "ముఝ్‌సే రోటీ నహీ ఖాయీ గయీ" అంటే నా వల్ల కాలేదు, తినలేకపోయాను అని. "మైనే రోటీ నహీ ఖాయీ" అంటే తినలేదు, అంతే. కావాలనే మానేసి ఉండొచ్చు. జ్వరం వచ్చి అన్నం సయించక పోవడానికీ, అలిగి మానేయడానికీ ఉన్నంత తేడా ఇది. 'నే' అంటే 'చేత' అని ఎనిమిదిలో నేర్పితే, వాచ్యం పాఠం వచ్చేసరికి పిల్లల దగ్గర రెండు వాక్యాలకూ ఒకే తెలుగు ఉంటుంది.

ఈ పొరపాటు ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచిస్తే నాకొక కారణం కనిపించింది. తెలుగు వ్యాకరణంలో 'కర్మణి' అంటే 'బడు' వాక్యమే. కర్తరి, కర్మణి అని మార్చమని తెలుగు పరీక్షలో అడుగుతారు. హిందీ వ్యాకరణంలో 'కర్మణి ప్రయోగ్' అంటే మాత్రం క్రియ కర్మను అనుసరించిందని, అంతవరకే. 'బడు' వాక్యానికి వాళ్ళు వాడే పేరు 'కర్మవాచ్య'. కామతా ప్రసాద్ గురు వందేళ్ళ క్రితమే తన హిందీ వ్యాకరణంలో ఈ రెండింటినీ విడదీసి చూపించారు: వాచ్యం ఒకటి, ప్రయోగం ఒకటి. ఆయన లెక్కలో "రామ్ నే రోటీ ఖాయీ" కర్తృవాచ్యమే, ప్రయోగం మాత్రం కర్మణి. మనం ఆ మాటను తెచ్చుకుని, తెలుగులో దానికున్న అర్థాన్ని కలిపేశాం. ఒకే సంస్కృత పదం రెండు భాషల్లో రెండు పనులు చేస్తుంటే, మధ్యలో నలిగేది పిల్లలు.

దీనికి ఎదురు వాదం ఒకటుంది, దాన్ని కొట్టిపారేయలేను. మా మామగారు సంస్కృతం బాగా చదువుకున్నారు. నేనిది చెప్తే ఒప్పుకోలేదు. "మయా కథా పఠితా అంటాం. 'నా చేత కథ చదవబడింది' అని కాక ఇంకేమిటి దానర్థం? హిందీ వాక్యం అక్కడి నుంచి వచ్చిందే కదా?" అన్నారు.

నిజమే. ఆయన చెప్పింది చరిత్ర, అది సరైనదే. పఢా, పియా, ఖాయా అన్నవి ఒకప్పటి 'పఠిత', 'పీత', 'ఖాదిత' లాంటి రూపాల వారసులు. అవి క్రియ నుంచి పుట్టిన విశేషణాలు. 'కథా' స్త్రీలింగం కాబట్టి 'పఠితా', 'పుస్తకం' నపుంసకం కాబట్టి 'పఠితం'. చదివింది ఎవరన్నది ఆ రూపానికి సంబంధం లేదు. "మైనే కితాబ్ పఢీ" లో 'పఢీ' ఇప్పటికీ అలాగే ప్రవర్తిస్తోంది. మైనే, తూనే, ఉస్‌నే, ఎవరైనా సరే 'పఢీ' మారదు. ఇంత చక్కటి వివరణ పెద్ద పిల్లలకు చెప్పకుండా ఉండలేను. ఇంటర్లో సంస్కృతం తీసుకున్నవాళ్ళకు ఇది చెప్తే కళ్ళు మెరుస్తాయి.

కానీ పుట్టుక వేరు, ఇప్పటి వాడుక వేరు. ఈ రోజు హిందీ మాట్లాడేవాళ్ళు "మైనే చాయ్ పీ" అన్నప్పుడు వాళ్ళ మనసులో ఉన్నది 'నేను టీ తాగాను' అన్న మామూలు మాటే. ఎనిమిదో తరగతికి నేర్పాల్సింది దాన్నే.

'భూతకాలం' అంటే ఏది?

ఇంకో చిక్కు, కొంచెం చిన్నది. "భూతకాలంలో నే వస్తుంది" అని చెప్పగానే పిల్లలు "సీతా నే దూధ్ పీతీ థీ" అని రాసేస్తారు. అదీ భూతకాలమే కదా. "పీ రహీ థీ" కూడా భూతకాలమే. రెండింటికీ 'నే' రాదు. మరోవైపు "సీతా నే దూధ్ పియా హై" అన్నదాంట్లో 'హై' ఉన్నా 'నే' వస్తుంది. "పియా హోగా" (తాగే ఉంటుంది) అన్నా వస్తుంది.

కాబట్టి నేను కాలం పేరు ఎత్తను. క్రియలో పియా, ఖాయా, పఢా, దేఖా అనే పూర్తయిన రూపం ఉందా అని చూడమంటాను. ఉంటే, వెనక థా ఉన్నా హై ఉన్నా హోగా ఉన్నా 'నే' గురించి ఆలోచించాలి. తెలుగులో 'తాగింది' అనే చోట ఆ రూపం వస్తుంది. 'తాగేది', 'తాగుతూ ఉండేది' అనే చోట రాదు.

ఒక చిన్న పేరా

ఇదంతా కలిపి చేయించడానికి ట్యూషన్లో ఒక పేరా ఇస్తాను. మినహాయింపుల సంగతి కూడా ఇందులోనే తేలిపోతుంది.

సీత బజారు నుంచి మామిడిపండ్లు తెచ్చింది. నేను రెండు పండ్లు తిన్నాను. రాజు ఒక్కటి కూడా తినలేకపోయాడు. సీత రాజును పిలిచింది.

మొదటి వాక్యం: "సీతా బాజార్ సే ఆమ్ లాయీ." తేవడం సకర్మకమే, పండ్లు కర్మ, రూపం పూర్తయినదే. అయినా 'నే' లేదు. పుస్తకంలో దీన్ని మినహాయింపు అంటారు. కానీ 'లానా' అంటే 'లే ఆనా', తీసుకుని రావడం. చివర ఉన్నది రావడం, అది అకర్మకం. చివరి క్రియకు 'నే' అక్కర్లేకపోతే మొత్తానికీ అక్కర్లేదు. తెలుగు 'తీసుకొచ్చింది' లో కూడా చివర 'వచ్చింది' ఉందని చూపిస్తే ఇక మరిచిపోరు. 'నే' లేదు కాబట్టి క్రియ సీత మాట వింది, లాయీ.

రెండోది: "మైనే దో ఆమ్ ఖాయే." నాకు తోక ఉంది, ఆమ్‌కు లేదు. ఆమ్ పుంలింగం, రెండున్నాయి, కాబట్టి ఖాయే. తిన్నది అమ్మాయైనా అబ్బాయైనా ఇదే.

మూడోది: "రాజూ ఏక్ భీ ఆమ్ నహీ ఖా సకా." ఇక్కడ ఎక్కువమంది తప్పు చేస్తారు. తినడం కనపడగానే 'రాజూ నే' అని రాస్తారు. చివర ఉన్నది 'సక్‌నా'. అది 'నే' తీసుకోదు. చుక్‌నా, లగ్‌నా కూడా అంతే. మళ్ళీ చివరి క్రియనే చూడాలి. ఒక్క సూత్రంతో లానా, సక్‌నా, చుక్‌నా అన్నీ సర్దుకున్నాయి.

నాలుగోది: "సీతా నే రాజూ కో బులాయా." ఇద్దరికీ తోకలే. ఇక్కడ రాజు మగపిల్లవాడు కాబట్టి కర్మను బట్టి రాసినా జవాబు సరిపోయినట్టే కనపడుతుంది. పిల్లలకు నిజంగా అర్థమైందో లేదో తెలియాలంటే రాజు స్థానంలో గీతను పెట్టి మళ్ళీ రాయమనాలి. బులాయీ అని రాశారంటే సూత్రం ఇంకా బుర్రకెక్కలేదని అర్థం.

అన్నీ ఇలా సర్దుకోవు. భూల్నా, బోల్నా ఎందుకు 'నే' తీసుకోవో పిల్లలకు చెప్పగలిగే కారణం నా దగ్గర లేదు. వాటిని గుర్తుపెట్టుకోవాల్సిందే. 'కహ్‌నా'కు వస్తుంది, 'బోల్నా'కు రాదు: "ఉస్‌నే కహా", "వహ్ బోలా". 'సమఝ్‌నా' రెండు విధాలా వాడతారు. తుమ్మడం అకర్మకమే అయినా "మైనే ఛీంకా" అంటారు. నేనిచ్చిన 'నచ్చావు' పోలికకూ ఒక హద్దు ఉంది. తెలుగులో ఆ తోక నచ్చడం, కనిపించడం, దొరకడం లాంటి కొన్ని క్రియలకే వస్తుంది. హిందీలో క్రియ రూపాన్ని బట్టి వస్తుంది. ఈ తేడా చెప్పకపోతే, "రాజూ నే పసంద్ ఆయా" అని రాసేవాళ్ళు తయారవుతారు. నా క్లాసులోనే ఒకరు రాశారు.

హైదరాబాద్ పిల్లల సంగతి

మిగతా జిల్లాల్లో చాలామంది పిల్లలకు లేని ఇంకో సమస్య మన ఊరి పిల్లలకు ఉంది. వీళ్ళకు హిందీ వచ్చు. బస్సులో, ఇరానీ హోటల్లో, మెకానిక్ షెడ్డులో రోజూ వింటారు, మాట్లాడతారు. అక్కడ వినపడేది "మై చాయ్ పియా." 'నే' ఉండదు, క్రియ తాగినవాడి మాట వింటుంది. అచ్చం తెలుగులాగే. ఇది దక్కనీ, శతాబ్దాలుగా తెలుగు, కన్నడల మధ్య బతికిన భాష. అందులో ఈ పద్ధతి ఉండటం వింతేమీ కాదు.

ఇలాంటి వాక్యం రాసిన పిల్లలతో కొందరు టీచర్లు "ఇది గల్లీ హిందీ, తప్పు" అంటారు. నాకది చాలా బాధగా ఉంటుంది. ఆ మాట పుట్టినప్పటి నుంచి మాట్లాడే పిల్లలు అదే క్లాసులో పక్క బెంచీ మీద కూర్చుని ఉంటారు. పైగా అది నిజం కూడా కాదు. 'నే' అన్నది పుస్తకాల హిందీకి ఆధారమైన ఢిల్లీ, మీరట్ ప్రాంతపు ఖడీ బోలీ లక్షణం. భోజ్‌పురీ, మైథిలీ, అవధీల్లో అది లేదు. బీహార్ పిల్లలు కూడా బడిలో ఈ పాఠం దగ్గర మనలాగే తడబడతారు. ఈ సంగతి చెప్పినప్పుడు మా అమ్మాయి మొహంలో కోపం మొదటిసారి తగ్గింది. "అంటే హిందీవాళ్ళకు కూడా మార్కులు పోతాయా?" అంది.

దక్కనీలో "మై చాయ్ పియా", పుస్తకంలో "మైనే చాయ్ పీ". రెండూ పక్కపక్కన రాసి, ఒకదాంట్లో క్రియ ఎవరి మాట వింది, రెండోదాంట్లో ఎవరి మాట వింది అని అడిగితే చాలు, పిల్లలే చెప్తారు. వాళ్ళకు వచ్చిన భాషను తిట్టకుండానే ఈ పాఠం అవుతుంది.

తోటి టీచర్ ఒకావిడ నా పద్ధతంతా విని, "ఇంత చెప్పడానికి సిలబస్‌లో టైమ్ ఎక్కడుంది? ఐదు మార్కులకు రెండు వారాలా?" అన్నారు. ఆవిడకు వారానికి దొరికే హిందీ పీరియడ్లు చూస్తే ఆ మాటలో న్యాయం ఉంది. నాకు నాలుగు సాయంత్రాలు పట్టింది, అది కూడా ఏడుగురు పిల్లలతో. నలభై మందితో ఎన్నాళ్ళు పడుతుందో చూడాలి. అయితే అదే నాలుగు ముక్కల సూత్రాన్ని ఎనిమిదిలో, తొమ్మిదిలో, పదిలో మళ్ళీ మళ్ళీ చెప్తూనే ఉన్నాం కదా, ఆ పీరియడ్లన్నీ కూడితే ఎక్కడ తేలుతుందో ఆవిడా ఆలోచించాలని నా కోరిక.

మొన్న ఆదివారం మా అమ్మాయి మళ్ళీ వచ్చింది. "పెద్దమ్మా, టీచర్ 'ముఝే చాయ్ పీనీ హై' అన్నారు. 'పీనా' అని ఉండాలి కదా అనుకున్నాను. తర్వాత చూస్తే 'ముఝే'లో 'కో' దాక్కుని ఉంది. నాకు తోక ఉంది, టీకి లేదు. అందుకేనా?" అంది. ఆ వాక్యం నేనెప్పుడూ చెప్పలేదు. అందులో 'నే' కూడా లేదు.

అందుకే అన్నాను. వెంటనే ఇంకో ప్రశ్న వేసింది, "చాయ్ ఆడ, దూధ్ మగ అని మాత్రం ఎలా తెలుస్తుంది?" దీనికి దగ్గరి దారి లేదు. తెలుగులో పాలూ టీ రెండింటికీ లింగం గొడవే లేదు మరి. అందుకని ఇప్పుడు తన నోట్‌బుక్ వెనక పేజీల్లో కొత్త పదం వచ్చినప్పుడల్లా దాన్ని ఒంటరిగా రాయడం లేదు. మేరీ చాయ్, మేరా దూధ్, మేరీ కితాబ్, మేరా ఆమ్ అని రాస్తోంది. ఆదివారానికి అరవై రెండు అయ్యాయి.